సాకు లేని ఉత్తరం

ప్రాణస్నేహితురాలికి అన్యాయం చేసి, ఏళ్ల తరబడి మొహం చాటేసిన మనిషి ఒకనాడు క్షమాపణ ఉత్తరం రాయడానికి కూర్చుంటే, చెప్పుకోవాల్సిన తప్పులు రెండుంటాయి. అప్పుడెప్పుడో చేసింది మొదటిది. ఆ తర్వాత ఇన్నేళ్లూ మాట్లాడకుండా ఉండిపోవడం రెండోది. రాసేవాళ్లకు మొదటిది బాగానే గుర్తుంటుంది. రెండోదాన్ని మాత్రం తప్పుల లెక్కలో వేయరు, మధ్యలో గడిచిపోయిన కాలమనుకుంటారు. అవతలి మనిషి ఆ కాలాన్ని అలా గడపలేదు. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో తెలియక, తానే ఏదైనా అన్నదేమోనని పాత మాటలన్నీ తవ్వుకుంటూ గడిపింది. అందుకే చాలా ఉత్తరాలు సగం తప్పునే ఒప్పుకుంటాయి. చదివిన స్నేహితురాలికి కోపం తగ్గకపోగా కొత్తగా ఇంకోటి పుడుతుంది.

ఇలాంటి ఉత్తరం ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఈ వ్యాసం కోసం కల్పించుకున్న కథే అయినా, ఇలాంటివి మన ఊళ్లలో కొత్తేమీ కాదు.

గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లు. 2017లో ఒకామె తెనాలిలో బ్లౌజులు కుట్టే షాపు పెట్టాలనుకుంది. అడ్వాన్సుకు 45 వేలు తక్కువైంది. రెండో ఆమె పెళ్లికి తన తల్లి పెట్టిన మూడు కాసుల గాజులు, అత్తింట్లో చెప్పకుండా, బ్యాంకులో తాకట్టు పెట్టి ఆ డబ్బు తెచ్చిచ్చింది. ఏడాదిలో విడిపించి ఇస్తానని షాపు ఆమె మాటిచ్చింది. ఆరు నెలల్లో 10 వేలు కట్టింది. తర్వాత షాపు నడవలేదు, కట్టడం ఆపేసింది. బ్యాంకు గడువు దగ్గరపడుతోందని స్నేహితురాలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే ఎత్తలేదు. నోటీసు వచ్చింది, గాజులు వేలానికి పోయాయి, విషయం అత్తింట్లో తెలిసింది. అంత జరిగాక కూడా 2019లో తన చెల్లి పెళ్లికి పిలిస్తే షాపు ఆమె వెళ్లలేదు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మొదటి చిత్తుప్రతి

ఇన్నేళ్లకు షాపు ఆమె ఉత్తరం రాయాలనుకుంది. మొదట చేతికొచ్చే ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది:

“ఎలా ఉన్నావే? నన్ను క్షమించు. అప్పట్లో నా పరిస్థితులు అస్సలు బాగోలేదు. షాపు నడవలేదు, ఇంట్లో రోజూ గొడవలు. నీ డబ్బు విషయంలో ఆలస్యం జరిగింది. ఎన్నోసార్లు ఫోన్ చేద్దామనుకున్నాను, కుదరలేదు. నా వల్ల నీ మనసు నొచ్చుకుని ఉంటే సారీ. ఎవరెన్ని చెప్పినా నువ్వు నన్ను అర్థం చేసుకుంటావని నమ్మకం. పాతవన్నీ మర్చిపోయి మళ్లీ ముందులా ఉందాం. నువ్వు క్షమించానంటే గానీ నాకు నిద్ర పట్టదు. వెంటనే జవాబు రాయి.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. రాసినామె బాధ కూడా నిజమే. అయినా ఇది క్షమాపణ కాలేదు. గాజుల ఊసు లేదు. వేలం మాట లేదు. ఎత్తని ఫోన్లు లేవు. చెల్లి పెళ్లి లేదు. స్నేహితురాలు ఇన్నేళ్లు మోసినవేవీ ఈ కాగితం మీదికి రాలేదు. రాసినామె మోసినవన్నీ వచ్చాయి.

దీన్ని స్వార్థమని కొట్టిపారేయనక్కర్లేదు. మనుషుల జ్ఞాపకం నడిచే తీరే అది. 1990లో రాయ్ బామైస్టర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి, ఒకే మనిషి చేత రెండు అనుభవాలు రాయించాడు. ఒకటి తనకు ఎవరో కోపం తెప్పించినది, రెండోది తాను ఎవరికో కోపం తెప్పించినది. బాధపడ్డవాళ్లుగా రాసినప్పుడు ఆ సంఘటన ఇంకా ముగియలేదు. దాని ఫలితాలు ఇవాళ్టికీ సాగుతూనే ఉన్నాయి. ఎదుటివాళ్లు అలా ఎందుకు చేశారో అంతుబట్టలేదు. అదే మనుషులు బాధపెట్టినవాళ్లుగా రాసేసరికి, అది ఎప్పుడో అయిపోయిన ముచ్చటైంది, దానికి తగిన కారణాలూ దొరికాయి. అంటే కలం పట్టుకున్న మనిషి దగ్గర ఉన్నది ఒక వైపు కథే. రెండో వైపు కథను కూర్చుని, ప్రయత్నపూర్వకంగా పోగుచేసుకోవాలి.

కాబట్టి ఉత్తరం మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక తెల్లకాగితం మీద, స్నేహితురాలి కళ్లతో, జరిగినవి వరసగా రాసుకోవాలి. బ్యాంకు నోటీసు ఆమె ఇంటికి వచ్చిన రోజు ఎవరి చేతికి అంది ఉంటుంది? గాజులేవని అత్తగారు అడిగితే ఏం చెప్పి ఉంటుంది? తన తల్లికి ఎలా చెప్పుకుని ఉంటుంది? పెళ్లి పందిట్లో ఉమ్మడి స్నేహితులు “తనెందుకు రాలేదు?” అని అడిగితే ఏమని ఉంటుంది? కొన్నిటికి జవాబులు తెలియవు. తెలియనివాటిని ఊహించి ఉత్తరంలో రాయకూడదు. కానీ ఆ ప్రశ్నలు వేసుకున్నాక “డబ్బు విషయంలో ఆలస్యం” అని రాయడానికి చేయి రాదు.

క్రియల్లో దాక్కునే మనిషి

సాకు అంటే పెద్ద కథ అల్లడమే అనుకుంటాం. చాలాసార్లు అది చిన్న క్రియాపదంలోనే ఇమిడిపోతుంది. “ఆలస్యం జరిగింది”, “కుదరలేదు”, “మాట్లాడటం తగ్గిపోయింది”, “అలా అయిపోయింది”. మన భాషలో ఇలాంటి వాక్యాలకు కర్త లేకపోయినా లోటు తెలియదు, రోజూ ఎంతో సహజంగా వాడతాం. క్షమాపణలో ఆ సౌకర్యమే ప్రమాదం. చేసినవాళ్లు వాక్యంలోంచి తప్పుకుంటే, తప్పు దానంతటదే జరిగినట్టు కనబడుతుంది.

పరీక్ష చాలా తేలిక. ఉత్తరం రాసి, ప్రతి వాక్యం దగ్గరా ఆగి, “ఎవరు?” అని అడగాలి. ఆలస్యం ఎవరు చేశారు? ఎవరికి కుదరలేదు? జవాబు “నేను” అయితే, ఆ “నేను”ను వాక్యంలోకి తెచ్చి క్రియ మార్చాలి. “కుదరలేదు” అన్న చోట “నేను చేయలేదు” అని రావాలి. “ఆలస్యం జరిగింది” అన్న చోట “10 వేలు ఇచ్చి మానేశాను” అని రావాలి. చేయి వణికే వాక్యం ఏదో, స్నేహితురాలు ఎదురుచూసేది సాధారణంగా దానికోసమే.

“నొచ్చుకుని ఉంటే” అన్నది మరో చోటు. నొచ్చుకుందో లేదో రాసేవాళ్లకు తెలియనట్టు ఉంటుంది ఆ మాట. బంగారం పోయి, ఇంట్లో మాట పడ్డ మనిషికి అది అవమానంగా వినిపిస్తుంది. పైగా తప్పు చేసిన మనిషిని వదిలేసి, నొచ్చుకున్న మనసు మీదికి మాట మళ్లుతుంది. “ఉంటే” తీసేసి, ఏం పోగొట్టామో పేరు పెట్టి చెప్పాలి.

కారణాలు అసలు చెప్పకూడదా?

ఇది అందరికీ వచ్చే సందేహం. షాపు నిజంగానే మునిగింది. ఇంట్లో గొడవలు నిజంగానే ఉన్నాయి. అవి రాయకపోతే నిజం దాచినట్టు కాదా?

2016లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ లెవికీ, ఆయన సహచరులు క్షమాపణను ఆరు భాగాలుగా విడదీసి పరిశీలించారు: విచారం చెప్పడం, ఏం జరిగిందో వివరించడం, బాధ్యత ఒప్పుకోవడం, ఇక చేయనని చెప్పడం, నష్టం పూడుస్తాననడం, క్షమించమని అడగడం. చదివినవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చింది బాధ్యత ఒప్పుకోవడానికి. తర్వాతి స్థానం నష్టం పూడుస్తాననడానిది. అట్టడుగున నిలిచింది క్షమించమని అడగడం. వాళ్ల ముందు పెట్టింది ఉద్యోగానికి సంబంధించిన ఊహాజనిత సందర్భమే తప్ప ఏళ్లనాటి స్నేహం కాదు. కాబట్టి ఆ వరసను ఉన్నదున్నట్టు ఇక్కడికి తేలేం. అయినా ఒకటి గమనించాలి. వివరణ కూడా క్షమాపణలో భాగమే. చెప్పకూడదని ఎవరూ అనలేదు. ఏ వివరణ అన్నదే చూసుకోవాలి.

తేడా పట్టుకునే దారి ఇది. ఆ కారణం చదివాక రాసినవాళ్ల తప్పు తగ్గినట్టు అనిపిస్తే అది సాకు. తప్పు ఇంకా స్పష్టంగా కనబడితే అది నిజం. “షాపు నడవలేదు కాబట్టి ఫోన్ ఎత్తలేదు” అన్నది సాకు. డబ్బు లేకపోయినా ఫోన్ ఎత్తొచ్చు. ఎత్తకపోవడానికి అసలు కారణం వేరే ఉంది: డబ్బు లేదని ఒప్పుకునే ధైర్యం లేకపోవడం. ఒక్క మాట చెప్పి ఉంటే స్నేహితురాలు ఎక్కడో సర్దుకుని బ్యాంకులో వడ్డీ కట్టి తాకట్టు పొడిగించుకునేది, లేదా పుట్టింట్లో అడిగేది. ఫోన్ ఎత్తకపోవడం వల్ల ఆ దారులన్నీ మూసుకుపోయాయి. ఈ వివరణ రాసినామెను కాపాడదు. కానీ ఇన్నేళ్లుగా స్నేహితురాలిని తొలిచిన “ఎందుకు?” అన్న ప్రశ్నకు జవాబిస్తుంది.

ఇంట్లో గొడవలు మాత్రం ఈ ఉత్తరంలోకి రానక్కర్లేదు. ఎప్పుడైనా ఆమె అడిగితే చెప్పొచ్చు. అలాగే, స్నేహితురాలి మీద మనకున్న చిన్నచిన్న ఫిర్యాదులు కూడా. “నువ్వు కూడా ఒకసారి ఇంటికి వచ్చి అడిగి ఉండాల్సింది” అన్న ఒక్క వాక్యం చాలు, అంతకుముందు రాసిన పేజీ అంతా చెరిగిపోతుంది.

గాంధీజీ రాసిన చీటీ

సాకు లేని ఒప్పుకోలుకు మనదేశంలో పేరున్న ఉదాహరణ గాంధీజీ ఆత్మకథలో ఉంది. పదిహేనేళ్ల వయసులో ఆయన తన అన్న చేతి కడియంలోంచి కొంత బంగారం తీశాడు. అన్నకున్న పాతిక రూపాయల అప్పు తీర్చడానికి చేసిన పని అది. తర్వాత మనసు ఆగక, నోటితో చెప్పే ధైర్యం లేక, కాగితం మీద రాసి జబ్బుతో మంచం మీదున్న తండ్రి చేతికిచ్చాడు. ఆ చీటీలో ఉన్నవని ఆయన చెప్పినవి నాలుగు: నేరం ఒప్పుకోవడం, తగిన శిక్ష వేయమనడం, తన తప్పుకు తండ్రి తనను తాను శిక్షించుకోవద్దని వేడుకోవడం, ఇక దొంగతనం చేయనని మాటివ్వడం. తండ్రి చదివి కన్నీళ్లు పెట్టుకుని ఆ కాగితం చించేశాడు.

అప్పు అన్నదన్నది నిజమే. పిల్లవాడికి అది ఎంతో పనికొచ్చే సాకు. అయినా ఆ నాలుగింటిలో దాని ప్రస్తావన లేదు. మూడోదాన్ని కూడా గమనించండి. తన తప్పు వల్ల ఎదుటి మనిషి తనను తాను నిందించుకుంటాడేమోనని ముందే ఆలోచించాడు. ఏళ్ల మౌనం తర్వాత స్నేహితురాలికి రాసే ఉత్తరానికి కావలసిన వాక్యం సరిగ్గా అదే: “ఇందులో నీ తప్పేమీ లేదు.”

బాకీ ఎంత?

మన ఉదాహరణలో లెక్క చూసుకుంటే 45 వేలలో 10 పోగా మిగిలింది 35 వేలు. అది పంపితే సరిపోతుందని షాపు ఆమెకు అనిపించవచ్చు. కానీ స్నేహితురాలు పోగొట్టుకున్నది మూడు కాసులు, అంటే 24 గ్రాముల బంగారం. 2017 నుంచి ఇప్పటికి బంగారం ధర మూడింతలు దాటింది. 35 వేలతో ఇవాళ ఆ గాజుల్లో చిన్న ముక్క మాత్రమే వస్తుంది. తల్లి పెట్టిన వస్తువన్న విలువను ఎటూ తిరిగివ్వలేం. కనీసం తూకాన్నయినా ఒప్పుకోవాలి.

ఒకేసారి ఇవ్వలేని స్థితి ఉంటే అదీ రాయాలి, ఎలా ఇవ్వగలరో కూడా. నెలకు ఎంత, ఎప్పటినుంచి అన్నది ఖచ్చితంగా ఉండాలి. నిలబెట్టుకోగలిగినదే రాయాలి. మాట తప్పిన మనిషి రెండోసారి మాటిస్తున్నప్పుడు పెద్ద అంకె కన్నా తప్పని చిన్న అంకె మేలు. ఇంకోటి, ఆ చెల్లింపుకు స్నేహంతో ముడిపెట్టకూడదు. “నువ్వు మాట్లాడితే ఇస్తాను” అన్న భావం ఎక్కడా ధ్వనించకూడదు.

డబ్బుతో సంబంధం లేని బాకీలూ ఉంటాయి. ఇన్నేళ్లలో ఉమ్మడి స్నేహితులు అడిగినప్పుడు షాపు ఆమె “తనే మాట్లాడటం మానేసింది” అని ఉంటే, ఆ మాట వాళ్ల దగ్గర సరిదిద్దాలి. గాజుల సంగతి స్నేహితురాలి గుట్టు కాబట్టి అది బయటపెట్టకుండానే సరిదిద్దాలి.

చివరికి నిలిచిన ఉత్తరం

ముందుగా పిలుపు. పాత చనువుతో “ఒసే” అని మొదలుపెడితే ఏమీ జరగనట్టుంటుంది. “మీరు” అంటే పరాయిదాన్ని చేసినట్టుంటుంది. పేరు రాసి, “నువ్వు” అనడం మేలు. తర్వాత ఇలా సాగవచ్చు:

“ఈ ఉత్తరం చదవడం, చదవకపోవడం నీ ఇష్టం. జవాబు కోసం రాయడం లేదు.

2017లో నా షాపు అడ్వాన్సు కోసం మీ అమ్మ పెట్టిన గాజులు బ్యాంకులో పెట్టి 45 వేలు తెచ్చిచ్చావు. ఏడాదిలో విడిపిస్తానని నీకు మాటిచ్చాను. 10 వేలు ఇచ్చి మానేశాను. గడువు దగ్గరపడుతోందని నువ్వు ఫోన్ చేసినప్పుడు నీ పేరు చూస్తూ కూడా ఎత్తలేదు. నా దగ్గర డబ్బు లేదు. కానీ నేను ఎత్తకపోయింది అందుకు కాదు. లేదని నీతో చెప్పే ధైర్యం చేయలేదు. చెప్పి ఉంటే నువ్వు ఇంకో దారి చూసుకునేదానివి. ఆ దారి కూడా లేకుండా చేశాను. గాజులు వేలానికి పోయాయి. మీ అత్తగారింట్లో నువ్వు ఒక్కదానివే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

అంత చేశాక కూడా మీ చెల్లి పెళ్లికి పిలిచావు. నేను రాలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లూ మాట్లాడనిది నేనే. నీ వైపు నుంచి ఏదైనా పొరపాటు జరిగిందేమోనని నువ్వెప్పుడైనా అనుకున్నావేమో. ఇందులో నీ తప్పేమీ లేదు. మనవాళ్లు అడిగితే నువ్వే మాట్లాడటం మానేశావని చెప్పాను. అది అబద్ధం. మానేసింది నేనేనని ఇప్పుడు వాళ్లకు చెప్పాను. గాజుల సంగతి ఎవరికీ చెప్పలేదు.

నీకు నేను బాకీ ఉన్నది 35 వేలు కాదు, మూడు కాసుల బంగారం. ఒకేసారి ఇవ్వలేను. వచ్చే నెల నుంచి ప్రతి నెలా ఐదో తేదీకి 8 వేలు, మూడు కాసుల విలువ తీరేదాకా ఇస్తాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఇస్తాను. ఎలా పంపాలో ఎవరితోనైనా ఒక్క మాట చెప్పించినా చాలు. ఈ డబ్బే వద్దనుకుంటే అదీ నీ ఇష్టమే.

నిన్ను నమ్మించి వదిలేశాను. చేసినదానికి సిగ్గుపడుతున్నాను, బాధపడుతున్నాను.”

మొదటి ప్రతిలోని “పాతవన్నీ మర్చిపోదాం” ఇందులో లేదు. మర్చిపోవాలో వద్దో తేల్చుకోవాల్సింది నష్టపోయిన మనిషి. “నాకు నిద్ర పట్టదు” కూడా లేదు. అలా రాస్తే ఓదార్చాల్సిన భారం మళ్లీ ఆమె మీదే పడుతుంది. హాస్టల్ రోజుల తీపి జ్ఞాపకాలూ లేవు. అవి నిజమే అయినా, ఇక్కడ రాస్తే ఆమెను మెత్తబరచడానికి వాడుకున్నట్టవుతుంది.

పంపే ముందు, పంపాక

ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించాలి. గాజుల వ్యవహారం మీద ఆ ఇంట్లో ఒకసారి గొడవైంది. కవరు అత్తగారో భర్తో విప్పితే ఆ గొడవ మళ్లీ రేగుతుంది. అలాంటి అనుమానం ఉంటే, “నీకొక ఉత్తరం రాశాను, ఎక్కడికి పంపమంటావు?” అని ఆమె ఫోన్‌కు చిన్న మెసేజ్ పెట్టడం మేలు. అసలు ఉత్తరాన్నే వాట్సాప్‌లో పంపితే, చదివిందో లేదో నీలం టిక్కుల్లో తెలిసిపోతుంది. చదివి ఊరుకుందని ఇక్కడ కుంగుబాటు, చదివినట్టు తెలిసిపోయిందని అక్కడ ఇబ్బంది. కాగితానికి ఆ ఒత్తిడి లేదు. ఉమ్మడి స్నేహితులను రాయబారానికి పంపడం మాత్రం వద్దు. నలుగురిలో క్షమించలేదని చెప్పడం ఆమెకు కష్టం.

ఇక సంప్రదించవద్దని ఆమె ఎప్పుడైనా స్పష్టంగా చెప్పి ఉంటే, ఉత్తరం పంపకూడదు. అప్పుడు మన మనశ్శాంతి కన్నా ఆమె మాటకే విలువ. ఉమ్మడి స్నేహితుల దగ్గర చెప్పిన అబద్ధాన్ని సరిదిద్దడం మాత్రం అప్పుడూ చేయొచ్చు.

పంపాక మూడింటిలో ఒకటి జరుగుతుంది. ఆమె మెత్తగా జవాబు రాయవచ్చు. అప్పుడు కూడా వెంటనే పాత చనువులోకి దూకకుండా, ఆమె ఎంత దూరం వస్తే అంతే నడవాలి. కోపంగా రాయవచ్చు. ఆ కోపంలో మనకు తెలియని సంగతులు బయటికొస్తాయి: నోటీసు మామగారి చేతిలో పడిందనో, ఆ ఏడాది పుట్టింటికి పంపలేదనో. అప్పుడు చేయాల్సింది ఒకటే, ఆ కొత్త సంగతిని కూడా మన తప్పుల్లో చేర్చుకుని “అది నాకు తెలియదు, అదీ నా వల్లే” అని రాయడం. కోపంగా వచ్చిన జవాబులో ఏవైనా వివరాలు పొరపాటుగా ఉన్నా సరిదిద్దే పని పెట్టుకోకూడదు.

మూడోది, ఏ జవాబూ రాకపోవడం. అందుకోలేదేమోనన్న నెపంతో రెండో ఉత్తరం, మూడో ఉత్తరం రాస్తూ పోకూడదు. జవాబు కోసం రాయడం లేదని మొదటి వరసలోనే అన్నాం, ఆ మాటను నిలబెట్టుకోవాలి. నెలనెలా ఐదో తేదీకి ఆ 8 వేలు విడిగా ఒక ఖాతాలో వేస్తూ పోవాలి. ఆమె ఎప్పుడు అడిగినా అప్పటిదాకా పోగైనదంతా ఇవ్వగలిగేలా ఉండాలి. 2017లో ఇచ్చిన మాటకు ఏం గతి పట్టిందో ఆమెకు తెలుసు. ఈసారి ఇచ్చిన మాట నిజమో కాదో తేల్చేవి ఆ ఐదో తేదీలే.